రోజు పెరిగేది మిల్లీసెకన్లలో, గడియారానికి కలిపేది సెకన్లలో: లెక్క ఎక్కడ కుదురుతుంది?

భూమి తిరిగే వేగం మెల్లగా తగ్గుతోందని, అందుకే అప్పుడప్పుడు గడియారాలకు ఒక సెకను కలుపుతారని చాలామంది ఎక్కడో ఒకచోట చదివే ఉంటారు. ఈమధ్య దానికి తలకిందులుగా ఇంకో వార్త వచ్చింది. 2024 జులై 5న రోజు 24 గంటల కంటే 1.66 మిల్లీసెకన్లు తక్కువ సాగిందని, భూమి వేగం పెరిగిందని. మిల్లీసెకను అంటే సెకనులో వెయ్యో వంతు. ఇంతకీ భూమి నెమ్మదిస్తోందా, వేగం పుంజుకుంటోందా? విచిత్రంగా ఉన్నా రెండు వార్తలూ నిజమే.

అంతకంటే పెద్ద తికమక ఇంకొకటుంది. సగటున వందేళ్లకు రోజు పొడవు దాదాపు 1.7 మిల్లీసెకన్లు పెరుగుతుందని శాస్త్రవేత్తలు చెబుతారు. ఆ లెక్కన రోజు ఒక్క సెకను పెరగాలంటే సుమారు 59 వేల ఏళ్లు పట్టాలి. కానీ 1972 నుంచి 2016 వరకు, అంటే 45 ఏళ్లలోనే, గడియారాలకు అలా 27 అదనపు సెకన్లు, అంటే లీప్ సెకన్లు, కలిపారు. మరి ఈ 27 సెకన్లు ఎక్కడి నుంచి వచ్చాయి?

## రోజు పొడవు వేరు, పేరుకున్న తేడా వేరు

గోడ గడియారం ఒకటి రోజుకు రెండు సెకన్లు వెనకబడుతోందనుకుందాం. దాని జబ్బు రోజురోజుకూ ముదరనక్కర్లేదు. ఎప్పుడూ అదే రెండు సెకన్ల లోపంతో నడిచినా, నెల తిరిగేసరికి అది ఒక నిమిషం వెనక ఉంటుంది. మనం ముల్లు సరిచేసేది ఆ పేరుకున్న నిమిషం కోసం.

లీప్ సెకను సంగతి కూడా ఇంతే. పరమాణువుల కంపనాలను లెక్కించి నడిచే అటామిక్ గడియారం లెక్కలో ఒక రోజంటే కచ్చితంగా 86,400 సెకన్లు. 1972 ప్రాంతంలో భూమికి ఒక రోజు పూర్తి కావడానికి దానికంటే సుమారు 3 మిల్లీసెకన్లు ఎక్కువ పట్టేది. రోజుకు 3 మిల్లీసెకన్ల చొప్పున 365 రోజులకు 1,095 మిల్లీసెకన్లు, అంటే ఏడాదికి ఒక సెకను పైచిలుకు. అందుకే ఆ దశకంలో దాదాపు ఏటా ఒక సెకను కలపాల్సి వచ్చింది. మొట్టమొదటి ఏడాది 1972లోనైతే జూన్ 30న ఒకటి, డిసెంబర్ 31న ఇంకొకటి కలిపారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. భూమి ఈ క్షణం నుంచి ఇక నెమ్మదించడం పూర్తిగా మానేసినా, రోజు 86,400 సెకన్ల కంటే కాస్త ఎక్కువగా ఉన్నంతకాలం లీప్ సెకన్ల అవసరం తప్పదు. నెమ్మదించడం వల్ల వచ్చేది ఇంకో ఇబ్బంది: సెకన్లు కలపడం అనేది ముందు ముందు మరింత తరచుగా చేయాల్సి వస్తుంది.

## సెకను 1820 దగ్గరే ఆగిపోయింది

అసలు అటామిక్ సెకను మొదటి నుంచీ భూమి రోజుతో ఎందుకు సరిపోలేదు? ఒకప్పుడు సెకను అంటే రోజులో 86,400వ భాగం అనే చెప్పేవారు. రోజే నిలకడగా ఉండదని తేలాక, ఖగోళ శాస్త్రవేత్తలు సెకనుకు ఆధారాన్ని భూమి తన చుట్టూ తాను తిరగడం నుంచి సూర్యుడి చుట్టూ తిరగడానికి మార్చారు. దానికి వాడింది అమెరికన్ ఖగోళ శాస్త్రవేత్త సైమన్ న్యూకూంబ్ 19వ శతాబ్దం చివర్లో తయారుచేసిన సూర్యుడి పట్టికలు. ఆ పట్టికలకు ఆధారమైన పరిశీలనలు సుమారు 1750 నుంచి 1892 వరకు జరిగినవి. వాటి నడిమి కాలం 1820 ప్రాంతం. అంటే ఆ పట్టికల నుంచి వచ్చిన సెకను, ఎవరూ అనుకోకపోయినా, 1820 నాటి రోజుకు సరిపోయే సెకను.

1950లలో బ్రిటన్‌లో లూయీ ఎసెన్, అమెరికా నేవల్ అబ్జర్వేటరీలో విలియం మార్కొవిట్జ్ కలిసి ఆ సెకనును సీజియం పరమాణువుల కంపనాలతో పోల్చి కొలిచారు. వచ్చిన అంకె 9,192,631,770. ఒక సెకనులో సీజియం-133 నుంచి వెలువడే ఒకానొక తరంగం అన్నిసార్లు కంపిస్తుంది. 1967లో ఇదే సెకనుకు అధికారిక నిర్వచనమైంది. అప్పటికే ఆ సెకను దాదాపు 150 ఏళ్ల పాతది. కొత్త గడియారం పుడుతూనే భూమి కంటే కాస్త ముందు పరిగెత్తడానికి కారణం గడియారంలో తప్పు కాదు, ఏ కాలపు రోజును చూసి దాన్ని దిద్దారన్నదే.

## భూమికి బ్రేకు వేసేది చంద్రుడే

రోజు పెరగడానికి ముఖ్య కారణం ఆటుపోట్లు. చంద్రుడి ఆకర్షణ వల్ల సముద్రపు నీరు చంద్రుడి వైపున ఒకటి, దానికి ఎదురు దిక్కున ఇంకొకటి, రెండు ఉబ్బులుగా లేస్తుంది. చంద్రుడు భూమిని చుట్టి రావడానికి నెల పడుతుంది, భూమి మాత్రం రోజుకొకసారి తిరుగుతుంది. అందుకే తిరిగే భూమి ఆ ఉబ్బులను చంద్రుడి కంటే కాస్త ముందుకు లాక్కెళుతుంది. నిజమైన సముద్రాల్లో, ఖండాలు అడ్డుపడటం వల్ల, ఈ ఆకారం ఇంత నున్నగా ఉండదు. అయినా ఫలితం ఒకటే. ముందుకు జరిగిన ఆ నీటి ఉబ్బును చంద్రుడు వెనక్కి లాగుతాడు. ఆ లాగుడు సముద్రం అడుగున, ముఖ్యంగా లోతు తక్కువ ఉన్న చోట్ల, ఘర్షణగా మారి భూమి వేగాన్ని కొంచెం కొంచెంగా తినేస్తుంది.

భూమి పోగొట్టుకున్న భ్రమణం గాల్లో కలిసిపోదు. అది చంద్రుడికి చేరి, అతని కక్ష్య పెద్దదవుతుంది. దీన్ని నేరుగా కొలవొచ్చు. అపోలో వ్యోమగాములు చంద్రుడి మీద అమర్చిన అద్దాల మీదికి భూమి నుంచి లేజర్ పంపి, వెలుగు తిరిగి వచ్చేదాకా పట్టిన సమయాన్ని చూస్తారు. చంద్రుడు ఏటా సుమారు 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాడని ఆ లెక్కలే చెప్పాయి. ఆ వేగాన్ని బట్టి ఆటుపోట్ల వల్ల రోజు ఎంత పెరగాలో లెక్కగడితే వందేళ్లకు దాదాపు 2.3 మిల్లీసెకన్లు వస్తుంది. మొదట చెప్పుకున్నది 1.7. ఈ తేడా సంగతి తర్వాత చూద్దాం.

## బాబిలోన్ మట్టిపలక చెప్పిన సాక్ష్యం

వందేళ్లకు 1.7 మిల్లీసెకన్లు అనే అంత చిన్న మార్పు ఎలా తెలిసింది? అటామిక్ గడియారాలకు వంద ఏళ్ల వయసు కూడా లేదు. అయితే పేరుకోవడం అనే గుణం ఇక్కడ మనకు అక్కరకొస్తుంది. రెండు వేల ఏళ్లలో ఆ చిన్న తేడా గంటల్లోకి పెరుగుతుంది, గంటల తేడాను పట్టుకోవడానికి అటామిక్ గడియారం అక్కర్లేదు.

క్రీ.పూ. 136 ఏప్రిల్ 15న బాబిలోన్‌లో సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. అక్కడి ఖగోళ పరిశీలకులు దాన్ని మట్టిపలకల మీద రాసిపెట్టారు. సూర్యోదయం తర్వాత 24 ఉష్‌లకు గ్రహణం మొదలైందని అందులో ఉంది. ఉష్ అంటే నాలుగు నిమిషాలు, కాబట్టి సూర్యుడు ఉదయించిన 96 నిమిషాలకు. మరో 18 ఉష్‌లకు సూర్యుడు పూర్తిగా కనుమరుగయ్యాడు. శుక్రుడు, బుధుడు కనబడ్డారు. ఆ రోజుల్లో సూర్యకాంతిలో దాగి మామూలుగా కనబడని గురుడు, కుజుడు కూడా కనబడ్డారని రాశారు. చీకటి ఎంత చిక్కగా పడిందో ఆ ఒక్క మాటే చెబుతుంది.

సూర్యుడు, చంద్రుడు ఆ రోజు ఆకాశంలో ఎక్కడున్నారో ఇప్పుడు మనం చాలా కచ్చితంగా లెక్కగట్టగలం. చంద్రుడి నీడ ఆ సమయంలో భూమి వైపు ఎలా వచ్చిందో కూడా తెలుస్తుంది. తేలాల్సింది, నీడ పడే వేళకు భూమి తన ఏ ముఖాన్ని అటు తిప్పి ఉందన్నదే. భూమి అప్పటి నుంచి ఇప్పటి వేగంతోనే తిరుగుతోందని అనుకుని లెక్క వేస్తే, సంపూర్ణ గ్రహణం బాబిలోన్‌కు దాదాపు 49 డిగ్రీలు పడమరగా పడాలి. కానీ దాన్ని కళ్లారా చూసినవాళ్లు బాబిలోన్‌లో ఉన్నారు. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి 49 డిగ్రీలంటే మూడుంబావు గంటల తేడా.

ఇప్పుడు మన 1.7 మిల్లీసెకన్లు ఈ మూడుంబావు గంటలను ఇస్తాయో లేదో చూద్దాం. క్రీ.పూ. 136 నుంచి 1820 వరకు సుమారు 1,955 ఏళ్లు, అంటే 19.55 శతాబ్దాలు. అప్పటి రోజు 1820 నాటి రోజు కంటే 19.55 × 1.7, అంటే 33 మిల్లీసెకన్లు తక్కువ. ఈ తేడా నెమ్మదిగా కరిగి 1820 నాటికి సున్నా అయింది కాబట్టి మొత్తం కాలానికి సగటు తీస్తే అందులో సగం, సుమారు 16.6 మిల్లీసెకన్లు. మధ్యలో గడిచిన రోజులు దాదాపు 7,14,000. ఒక్కో రోజుకు 16.6 మిల్లీసెకన్లు చొప్పున గుణిస్తే 11,850 సెకన్లు. గంటల్లో చూస్తే దాదాపు 3.3. ఆ మట్టిపలక చెప్పిన తేడాకూ దీనికీ పెద్ద ఎడం లేదు.

ఒక్క గ్రహణంతో ఎవరూ ఇంత పెద్ద నిర్ణయానికి రారు. రిచర్డ్ స్టీఫెన్‌సన్, ఆయన సహచరులు బాబిలోన్, చైనా, గ్రీసు, అరబ్బు పరిశీలకుల గ్రహణ నమోదులను దశాబ్దాల పాటు పోగుచేసి, 2016లో సగటున శతాబ్దానికి 1.78 మిల్లీసెకన్లు అని తేల్చారు. నేను వాడిన 1.7 సౌకర్యానికి గుండుగుత్తగా తీసుకున్న అంకె.

## మధ్యలో భూమి వేగం ఎందుకు పెరిగింది

ఇక 2.3కీ 1.7కీ మధ్య తేడా. గత హిమయుగంలో ధ్రువాల దగ్గర కిలోమీటర్ల మందాన మంచు పేరుకుని అడుగున ఉన్న నేలను అణిచేసింది. ఆ మంచు కరిగి వేల ఏళ్లు దాటినా, అణిగిన నేల ఇప్పటికీ మెల్లగా పైకి లేస్తోంది. దాంతో భూమి ఆకారం కొంచెం గుండ్రమవుతోంది, బరువు తిరిగే అక్షం వైపు జరుగుతోంది. అలా జరిగితే వేగం పెరుగుతుంది. ఆటుపోట్లు వేసిన బ్రేకులో కొంత భాగాన్ని ఇది వెనక్కి తీస్తోంది. ఇప్పుడు కరుగుతున్న మంచు మాత్రం దీనికి విరుద్ధంగా పనిచేస్తోంది. ధ్రువాల దగ్గరి నీరు సముద్రాల్లో కలిసి భూమధ్యరేఖ వైపు పరుచుకుంటుంటే బరువు అక్షానికి దూరమై వేగం తగ్గుతుంది.

వీటికి తోడు ఊగిసలాటలున్నాయి. గాలుల వల్ల రోజు పొడవు ఏడాది పొడవునా ఒక మిల్లీసెకను అటూ ఇటూ ఊగుతుంది. భూమి లోపల ద్రవ లోహపు కేంద్రం తన పైనున్న పొరతో భ్రమణాన్ని ఇచ్చిపుచ్చుకోవడం వల్ల దశాబ్దాల పాటు సాగే ఇంకా పెద్ద మార్పులు వస్తాయి. 1820 నుంచి వందేళ్లకు 1.7 చొప్పున పెరిగి ఉంటే, ఈపాటికి రోజు 86,400 సెకన్ల కంటే 3 మిల్లీసెకన్లు పైనే ఎక్కువ ఉండాలి. 1972లో అలాగే ఉంది కూడా. ఆ తర్వాత కేంద్రం వేగం తగ్గి పై పొర వేగం పెరగడంతో ఆ మిగులు కరుగుతూ వచ్చి, 2020 తర్వాత దాదాపు సున్నా అయింది. కొన్ని రోజులైతే 24 గంటల కంటే తక్కువలోనే ముగుస్తున్నాయి. జులై 5 వార్త దీని గురించే. వేల ఏళ్ల ధోరణి తగ్గుదల, కొన్ని దశాబ్దాల ఊగిసలాట పెరుగుదల. ఒకటి ఇంకోదాన్ని కొట్టేయదు.

1998 చివరి నుంచి 2005 చివరి వరకు ఏడేళ్ల పాటు ఒక్క లీప్ సెకను కూడా కలపకపోవడానికీ, 2016 తర్వాత ఇంతవరకు అసలే కలపకపోవడానికీ కారణం ఇదే.

## 2016 డిసెంబర్ 31 రాత్రి ఏం జరిగింది

లీప్ సెకను ఎప్పుడు కలపాలో అంతర్జాతీయ భూభ్రమణ సేవాసంస్థ చెబుతుంది. ప్రపంచంలో పలుచోట్ల ఉన్న రేడియో టెలిస్కోపులు క్వేజార్లనే అతి సుదూర రేడియో మూలాలను ఒకేసారి గమనిస్తాయి. వాటి సంకేతాలు ఒక్కో టెలిస్కోపుకు ఎంత తేడాతో చేరాయన్న దాన్ని బట్టి భూమి ఎంత తిరిగిందో చెబుతారు. భూమి సమయానికీ గడియారాల సమయానికీ ఎడం 0.9 సెకన్లు దాటకుండా, ఆరు నెలల ముందే లీప్ సెకను కబురు పంపుతారు.

2016 చివర్లో భూమి గడియారాల కంటే సుమారు 0.4 సెకన్లు వెనకబడి ఉంది. హద్దు దాటకముందే ఒక సెకను కలిపారు. దాంతో గడియారాలు ఒక సెకను ఆగినట్టయి, భూమి వాటికంటే దాదాపు 0.6 సెకన్లు ముందుకొచ్చింది. ఆ రాత్రి విశ్వ ప్రామాణిక సమయం 23:59:59 తర్వాత 23:59:60 అని చూపి, ఆ తర్వాతే 00:00:00కు వచ్చింది.

మనుషులకు ఇది చిన్న వింత. కంప్యూటర్లకు టెన్షన్. ఎందుకంటే కంప్యూటర్లు సమయాన్ని 1970 మొదటి నుంచి గడిచిన సెకన్ల అంకెగా రాసుకునే యునిక్స్ పద్ధతిలో ప్రతి రోజుకూ సరిగ్గా 86,400 సెకన్లే ఉంటాయి, 60వ సెకనుకు అంకె లేదు. అందుకని చాలా సర్వర్లను నడిపే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ అంతకుముందు అంకెనే రెండోసారి చూపింది:

```
2016-12-31 23:59:59   1483228799
2016-12-31 23:59:60   1483228799
2017-01-01 00:00:00   1483228800
```

23:59:59 నడుస్తుండగా, ఆ సెకను మొదలై 0.9 సెకన్లు గడిచాక ఒక ప్రోగ్రాం సమయం రాసుకుందనుకోండి. 0.2 సెకన్ల తర్వాత మళ్లీ చూస్తే అదే సెకను మొదట్లో 0.1 దగ్గర కనిపిస్తుంది. తీసివేస్తే వచ్చేది మైనస్ 0.8. పని మొదలుపెట్టకముందే ముగిసిందన్నమాట! క్లౌడ్‌ఫ్లేర్ అనే ఇంటర్నెట్ సంస్థలో, వెబ్‌సైట్ పేర్లకు చిరునామాలు వెతికిపెట్టే డీఎన్‌ఎస్ సాఫ్ట్‌వేర్‌లో ఆ రాత్రి జరిగింది ఇలాంటిదే. సమయం వెనక్కి వెళ్లదనే నమ్మకంతో రాసిన కోడు, రుణ సంఖ్య వచ్చేసరికి కుప్పకూలింది. 2012 జూన్ 30 లీప్ సెకను అప్పుడు లినక్స్ కెర్నెల్‌లోని మరో లోపం వల్ల చాలా సర్వర్లు మొరాయించాయి.

గూగుల్ వంటి సంస్థలు దీనికి ఒక ఉపాయం పట్టాయి. ఆ అదనపు సెకనును ఒకేసారి పెట్టకుండా 24 గంటల మీద పరిచి, ఒక్కో సెకనును సుమారు 11.6 మైక్రోసెకన్లు సాగదీస్తాయి. అప్పుడు గడియారం ఎప్పుడూ వెనక్కి వెళ్లదు. కాకపోతే ఆ రోజంతా వాళ్ల సమయం మిగతా ప్రపంచం సమయంతో సరిపోదు, అందరూ ఒకే పద్ధతిలో సాగదీయరు. ఈ ఉపాయం పనిచేసినా, ఒకే సమయం అనే మూల ఉద్దేశం దెబ్బతిన్నట్టే.

భూమి వేగం ఇలాగే పెరుగుతూ పోతే ఒక సెకనును తీసేయాల్సి కూడా రావచ్చు. అప్పుడు 23:59:58 తర్వాత నేరుగా 00:00:00 రావాలి. ఇంతవరకు ఎవరూ అది చేసి చూడలేదు. 2024లో భూభౌతిక శాస్త్రవేత్త డంకన్ ఆగ్న్యూ వేసిన అంచనా ప్రకారం అలాంటి అవసరం 2029 ప్రాంతంలో రావచ్చు. ధ్రువాల మంచు కరగడమనేది లేకపోతే అది ఇంకా ముందే, 2026 ప్రాంతంలోనే వచ్చి ఉండేదని ఆయన లెక్క. ఇది అంచనానే. భూకేంద్రం తీరు ముందుగా చెప్పడం ఎవరివల్లా కాదు.

## లీప్ సెకనును వదిలేయాలన్నవాళ్లు, ఉంచాలన్నవాళ్లు

వదిలేయాలనేవారి వాదన సూటిగా ఉంటుంది. ముందే చెప్పలేని సమయాల్లో, ఆరు నెలల నోటీసుతో వచ్చే అదనపు సెకను నెట్‌వర్కులకు పెద్ద రిస్కు. జీపీఎస్ ఎప్పుడూ లీప్ సెకన్లను లెక్కచేయలేదు, అందుకే దాని గడియారం ఇప్పుడు విశ్వ ప్రామాణిక సమయం కంటే 18 సెకన్లు ముందుంది. పైగా సూర్యుడితో గడియారానికి మనం ఊహించినంత పొత్తు లేదు. భూమి కక్ష్య ఆకారం, అక్షం వాలు వల్ల నీడగడియారమే ఏడాదిలో కొన్ని రోజులు 16 నిమిషాల దాకా తేడా చూపిస్తుంది. టైమ్‌జోన్ల వల్ల ఇంకా ఎక్కువ. వీటి పక్కన ఒక సెకను ఎంత?

ఉంచాలనేవారి అభ్యంతరం కూడా తీసిపారేసేది కాదు. టెలిస్కోపులను, ఉపగ్రహాలను గమనించే పాత సాఫ్ట్‌వేర్ చాలావరకు గడియారానికీ భూమికీ తేడా సెకను లోపే అని నమ్మి రాసినది. భూమధ్యరేఖ దగ్గర ఒక సెకనులో నేల 465 మీటర్లు జరుగుతుంది. తేడా పది సెకన్లయితే నక్షత్రాలను చూసి స్థానం లెక్కగట్టేవాళ్లకు నాలుగున్నర కిలోమీటర్ల పొరపాటు. రష్యా నడిపే గ్లొనాస్ ఉపగ్రహ వ్యవస్థ లీప్ సెకన్లతో సహా నడుస్తుంది కాబట్టి మార్పుకు ఆ దేశం ఎక్కువ గడువు కోరింది. నాకు మాత్రం మొదటి వాదనే బరువైనదిగా కనిపిస్తుంది. టెలిస్కోపు వాళ్లకు భూమి సమయం విడిగా ప్రకటిస్తూనే ఉంటారు, దాన్ని కలుపుకోవడం వాళ్లకు కొత్త విద్య కాదు.

2022 నవంబర్‌లో తూనికలు, కొలతల సర్వసభ్య సమావేశం 0.9 సెకన్ల హద్దును 2035లోపు పెంచాలని తీర్మానించింది. కొత్త హద్దు ఎంతో అందులో చెప్పలేదు, కనీసం వందేళ్లపాటు సమయం తెగకుండా సాగేంత ఉండాలని మాత్రం అంది. వందేళ్లకు ఎంత కావాలో మన పాత లెక్కతోనే చూడొచ్చు. ఇవాళ మిగులు సున్నా అనుకుని, శతాబ్దానికి 1.7 చొప్పున పెరిగితే సగటు 0.85 మిల్లీసెకన్లు, దాన్ని 36,525 రోజులతో గుణిస్తే 31 సెకన్లు. రెండు వందల ఏళ్లకు అది రెట్టింపు కాదు, నాలుగింతలై రెండు నిమిషాలు దాటుతుంది. ఈ మధ్యలో భూకేంద్రం మళ్లీ మందగమనం వైపు తిరిగి రోజు మునుపటిలా 3 మిల్లీసెకన్ల మిగులుకు చేరితే, మొదటి వందేళ్లలోనే తేడా రెండు నిమిషాలకు దగ్గరవుతుంది.